రెండు శాతం సీడీ, ముప్పై రోజుల గడువు: డబ్బు ఏ బిల్లుకు జమైంది?

విశాఖపట్నంలో డాబాగార్డెన్స్ వైపున్న ఒక ఎలక్ట్రికల్ హోల్‌సేల్ దుకాణం తన ఖాతాదారులకు ఇలాంటి నోటీసు పంపిందనుకుందాం:

"గౌరవ ఖాతాదారులకు మనవి. జూన్ 1 నుంచి మా బిల్లులన్నిటికీ కింది నిబంధనలు వర్తిస్తాయి. బిల్లు తేదీ నుంచి 10 రోజుల్లో డబ్బు చెల్లించిన బిల్లుకు 2 శాతం సీడీ ఇస్తాము. పూర్తి గడువు 30 రోజులు. గడువు దాటిన బిల్లు ఏదైనా ఉంటే కంప్యూటర్ కొత్త బిల్లు తీసుకోదు. ఖాతా పరిమితి దాటినా అంతే. దయచేసి మా సిబ్బందిని, సేల్స్‌మన్‌ను ఒత్తిడి చేయవద్దు."

ఇందులోని షరతులు పెద్దగా కొత్తవేమీ కావు. గడువు ఇన్ని రోజులని బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో ఎప్పటి నుంచో అచ్చవుతూనే ఉంది. త్వరగా డబ్బిచ్చినవాళ్ళకు సీడీ, అంటే క్యాష్ డిస్కౌంట్, ఎప్పుడూ ఉన్నదే. అయితే వాటిని అమలు చేసేది మనిషి. లైనుకు వెళ్ళిన సేల్స్‌మన్‌తో నర్సీపట్నం షావుకారు "ఇరవై వేలు ఖాతాలో వేసుకో బాబూ, మిగతాది వచ్చే వారం చూద్దాం" అనేవాడు. సేల్స్‌మన్ రసీదు రాసిచ్చేవాడు. పన్నెండో రోజున డబ్బిచ్చినా, ముఖం చూసి సీడీ వదిలేవాళ్ళు. ఏడాది చివర ఇద్దరూ కూర్చుని లెక్క చూసుకుంటే వెయ్యో రెండు వేలో తేడా వచ్చేది, అక్కడికక్కడే కొట్టేసేవాళ్ళు. ఇప్పుడు ఆ పన్నెండో రోజును బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూస్తుంది. దానికి ముఖాలతో పనిలేదు.

నోటీసు చదివిన ఖాతాదారు కళ్ళు ముందు 2 శాతం మీద, తర్వాత 30 రోజుల మీద పడతాయి. తగాదాలు మాత్రం ఎక్కువగా నోటీసులో లేని మూడో విషయం దగ్గర పుడతాయి. ఒక ఖాతాలో నాలుగు బిల్లులు నిలిచి ఉన్నప్పుడు, వచ్చిన డబ్బు వాటిలో ఏ బిల్లుకు జమైంది? సీడీ దక్కడం, గడువు దాటడం, కొత్త సరుకు ఆగిపోవడం, మూడూ ఈ ఒక్క జవాబు మీదే ఆధారపడతాయి.

రెండు శాతం విలువ ఎంత

ముందుగా ఆ 2 శాతం కోసం తాపత్రయపడాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. పన్ను కాకుండా 50,000 రూపాయల సరుకు, దాని మీద 18 శాతం జీఎస్టీ 9,000, మొత్తం బిల్లు 59,000. సీడీని సరుకు విలువ మీద లెక్కిస్తే 1,000 రూపాయలు. పదో రోజున కట్టేవాడు 58,000 కడతాడు, ముప్పయ్యో రోజున కట్టేవాడు 59,000 కడతాడు. అంటే 58,000 రూపాయలను ఇంకో 20 రోజులు దగ్గర ఉంచుకున్నందుకు వెయ్యి రూపాయలు ఖర్చవుతోంది. ఏడాదికి లెక్కగడితే ఇది 31 శాతం పైచిలుకు వడ్డీ.

బజారు లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు రెండున్నర రూపాయలు దాటిన వడ్డీ. నూటికి రెండు రూపాయల వడ్డీకి 58,000 తెచ్చి పదో రోజున కట్టేసినా, 20 రోజులకు వడ్డీ 773 రూపాయలే అవుతుంది, వెయ్యిలో ఇంకా 227 మిగులుతుంది. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ 12 శాతానికి దొరికేవాళ్ళకు వడ్డీ 381 రూపాయలు, మిగులు ఆరువందల పైన. మూడు రూపాయల వడ్డీకి తెచ్చేవాడికి మాత్రం 1,160 అవుతుంది కాబట్టి గిట్టదు, అతను ముప్పయ్యో రోజు దాకా ఆగడమే మేలు.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. పదో రోజు దాటిపోతే పదకొండో రోజున కట్టినా ముప్పయ్యో రోజున కట్టినా ఖాతాదారుకు తేడా లేదు. అందుకని సాఫ్ట్‌వేర్ కచ్చితంగా అమలు చేయడం మొదలుపెట్టాక, మధ్యలో పదిహేనో రోజునో ఇరవయ్యో రోజునో వచ్చే వసూళ్ళు తగ్గిపోవడం సహజం. పదో రోజు తప్పినవాడు ఇక ముప్పై దాకా కదలడు. హోల్‌సేల్ యజమాని తాను కంపెనీలకు కట్టాల్సిన డబ్బును ఆ మధ్య వసూళ్ళ మీద ఆధారపడి ఏర్పాటు చేసుకుని ఉంటే, నోటీసు అమల్లోకి వచ్చిన మొదటి నెలలోనే చేతిలో డబ్బు ఆడకపోవచ్చు.

ఒకే డబ్బు, రెండు లెక్కలు

ఇక అసలు విషయం. నర్సీపట్నంలోని ఒక ఎలక్ట్రికల్ దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఖాతా పరిమితి 2 లక్షలు. జూన్ 3న 412 నంబరు బిల్లు, 59,000 రూపాయలు. దీని సీడీ గడువు జూన్ 13తో పోయింది, పూర్తి గడువు జూలై 3. తర్వాత జూన్ 20న 538 నంబరు బిల్లు, సరుకు 60,000, పన్ను 10,800, మొత్తం 70,800. దీనికి సీడీ గడువు జూన్ 30, పూర్తి గడువు జూలై 20.

షావుకారు నోటీసు శ్రద్ధగా చదివాడు. 412కి సీడీ ఎలాగూ పోయింది కాబట్టి దాన్ని జూలై 3న కడదామనుకున్నాడు. 538కి మాత్రం 1,200 సీడీ తగ్గించుకుని, 69,600 రూపాయలు జూన్ 28న బ్యాంకు ద్వారా పంపాడు. రెండు రోజులు ముందే పంపాడు కూడా. పంపేటప్పుడు బిల్లు నంబరు రాయలేదు. ఎప్పుడూ రాసింది లేదు.

విశాఖలో ఆఫీసు గుమాస్తా కంప్యూటర్‌లో రసీదు ఎక్కించాడు. సాఫ్ట్‌వేర్‌లో, నంబరు చెప్పని డబ్బును అన్నిటికన్నా పాత బిల్లుకు సర్దేలా అమర్చి ఉంది. 69,600లో 59,000 పోయి 412 తీరిపోయింది. మిగిలిన 10,600 మాత్రమే 538కి వెళ్ళింది. అందులో ఇంకా 60,200 బాకీ. జూన్ 30 దాటేసరికి 538కి సీడీ అర్హత పోయింది.

జూలై 3న షావుకారు మాట ప్రకారం 59,000 పంపాడు. అతని పుస్తకంలో ఇప్పుడు బాకీ సున్నా. హోల్‌సేల్ దుకాణం కంప్యూటర్‌లో ఆ 59,000 కూడా 538కి జమై, 1,200 మిగిలింది. ఆ 1,200 గురించి ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే అది బాకీ అని షావుకారుకు తెలియదు, ఫోన్ చేసి అడిగేంత మొత్తమని గుమాస్తాకు అనిపించలేదు. జూలై 20 దాటింది. జూలై 21న షావుకారు లక్ష రూపాయల సరుకుకు ఆర్డరిస్తే, గడువు దాటిన బిల్లు ఉందంటూ కంప్యూటర్ బిల్లు ఆపేసింది.

అదే షావుకారు జూన్ 28న పంపిన డబ్బుతో "బిల్లు 538" అని ఒక్క ముక్క రాసి ఉంటే? 69,600, దానితోపాటు 1,200 సీడీ, 538 తీరిపోయేది. జూలై 3న వచ్చిన 59,000తో 412 సరిగ్గా గడువు రోజున తీరేది. పంపిన మొత్తం అదే 1,28,600. తేదీలు అవే. ఒక దారిలో సీడీ పోయి ఖాతా ఆగింది, ఇంకో దారిలో సీడీ దక్కి ఖాతా శుభ్రంగా ఉంది. షావుకారు తప్పుగా ఏమీ చేయలేదు, గుమాస్తా కూడా చేయలేదు. నోటీసు రాసినవాళ్ళే ఒక వాక్యం రాయడం మరిచారు.

చిన్న చిన్న బాకీలకు బిల్లు ఆపకుండా సాఫ్ట్‌వేర్‌లో కొంత సడలింపు పెట్టుకోవచ్చు, ఐదువందల లోపయితే పట్టించుకోవద్దని చెప్పవచ్చు. అది రూపాయి పైసల సవరణలకు పనికొస్తుంది. పై ఉదాహరణలో మాత్రం పనికిరాదు, ఎందుకంటే మిగిలిపోయే మొత్తం సరిగ్గా సీడీ అంత ఉంటుంది, బిల్లు పెద్దదైతే అదీ పెద్దదవుతుంది. తప్పిపోయిన సీడీలు రెండు మూడు నెలలు పోగయ్యాక ఐదారు వేలు అవుతుంది, అప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం ఇద్దరికీ శ్రమే. ఇలాంటి చిక్కును గుర్తుపట్టడానికి ఒక తేలికైన గుర్తు ఉంది. రెండు పుస్తకాల తేడాను తీసుకుని, ఇటీవలి బిల్లుల సరుకు విలువలో 2 శాతంతో పోల్చి చూడాలి. ఏదో ఒక బిల్లు సీడీతో, లేదా రెండు మూడింటి సీడీ మొత్తంతో సరిపోయిందంటే, డబ్బు ఎక్కడా పోలేదు, వేరే బిల్లుకు జమైందని అర్థం.

తెరమీద జరిగేది

చాలా దుకాణాల్లో వాడే టాలీలో దీన్ని చూడటం సులువు. ఖాతాదారు లెడ్జర్‌లో `Maintain balances bill-by-bill` అన్నది ఆన్ చేస్తేనే బిల్లువారీ లెక్క మొదలవుతుంది. అక్కడే గడువు రోజులు, ఖాతా పరిమితి పెట్టుకుంటారు. రసీదు ఎక్కించేటప్పుడు ఆ డబ్బు దేనికో అడుగుతుంది. `Agst Ref` ఎంచుకుంటే నిలిచి ఉన్న బిల్లుల జాబితా వస్తుంది, అందులో ఒకటి చూపించాలి. `Advance` అంటే రాబోయే బిల్లుకు ముందస్తు. `On Account` అంటే ఏ బిల్లుకూ చెందకుండా ఖాతాలో ఊరికే జమ.

తొందరలో ఉన్న గుమాస్తాకు `On Account` ప్రాణం. జాబితా వెతకనక్కర్లేదు, ఎంటర్ కొట్టుకుంటూ పోవచ్చు. పాత పద్ధతిలో దీనివల్ల నష్టం లేదు, ఎందుకంటే అందరూ చూసేది మొత్తం బాకీనే. కొత్త నిబంధనల్లో మాత్రం ఇది పాత బిల్లుకు సర్దడం కన్నా పెద్ద చిక్కు. మన నర్సీపట్నం ఉదాహరణలో రెండు రసీదులూ `On Account` కింద ఎక్కించారనుకుందాం. జూలై 4 ఉదయానికి ఖాతాలో నికర బాకీ 1,200 రూపాయలే. కాని బిల్లుల జాబితాలో 412, 538 రెండూ పూర్తిగా తీరనట్టే కనిపిస్తాయి, వాటి పక్కన 1,28,600 ఎవరికీ చెందని జమగా వేలాడుతూ ఉంటుంది. 412కి గడువు దాటి ఒక రోజైంది. గడువు రోజులు తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్‌కు 59,000 బాకీ పడ్డ ఖాతాదారు కనిపిస్తాడు.

ఇక్కడ రెండు తనిఖీల తేడా తెలిసి ఉండాలి. ఖాతా పరిమితి తనిఖీ చూసేది లెడ్జర్‌లోని నికర బాకీని. గడువు తనిఖీ చూసేది ఒక్కొక్క బిల్లును. ఒకే ఖాతా మొదటిదాంట్లో సురక్షితంగా, రెండోదాంట్లో ఎర్రగా కనిపించిందంటే, ముందు ఆ ఖాతాలో `On Account` జమలు ఉన్నాయేమో చూడాలి. ఖాతాదారుకు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడటం దాని తర్వాతి పని.

కొన్ని సాఫ్ట్‌వేర్లు గడువు దాటితే హెచ్చరించి వదిలేస్తాయి, కొన్ని బిల్లును పూర్తిగా ఆపేస్తాయి. సీడీ లెక్క కూడా అంతే. కొన్నిటిలో రసీదు తేదీ చూసి అదే లెక్కిస్తుంది, కొన్నిటిలో ఆ మేరకు బాకీ తగ్గించే క్రెడిట్ నోట్ గుమాస్తానే కొట్టాలి. "కంప్యూటర్ తీసుకోదు" అని నోటీసులో రాసేముందు, తమ కంప్యూటర్ నిజంగా ఏం చేస్తుందో ఒక ఉత్తుత్తి ఖాతా తెరిచి చూసుకోవడం మంచిది. ఆపేస్తుందని రాసి, కేవలం హెచ్చరికతో వదిలేస్తే, ఆ కబురు లైను మొత్తానికి తెలియడానికి వారం పట్టదు.

చట్టం ఎప్పుడో చెప్పిన మాట

వచ్చిన డబ్బు ఏ బాకీకి జమ కట్టాలన్న ప్రశ్నకు 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోనే జవాబుంది. 59వ సెక్షన్ ప్రకారం, పలు బాకీలున్న మనిషి ఫలానా బాకీకి అని చెప్పి డబ్బిస్తే, తీసుకున్నవాడు దానికే జమ కట్టాలి. నోటితో చెప్పకపోయినా, పరిస్థితులను బట్టి అది దేనికో తెలుస్తుంటే దానికే. ఏమీ తెలియనప్పుడు, 60వ సెక్షన్ కింద, అప్పటికి చెల్లించాల్సి ఉన్న బాకీల్లో తనకు నచ్చినదానికి సర్దుకునే అధికారం బాకీదారుకు కాక డబ్బు రావలసినవాడికి వస్తుంది. ఇద్దరూ ఏమీ చేయకపోతే 61వ సెక్షన్ ప్రకారం కాలక్రమంలో, ముందు బాకీకి ముందు.

సాఫ్ట్‌వేర్‌లోని "పాతదానికి ముందు" అన్న అమరిక ఈ మూడింటిలో చివరిదాన్ని మాత్రమే పాటిస్తుంది. మొదటి రెండు మెట్లూ దూకేసి నేరుగా మూడోదానికి పోతుంది. 59వ సెక్షన్ కింద చట్టమే ఇచ్చిన ఒక ఉదాహరణలో, 1,000 రూపాయల ప్రామిసరీ నోటు గడువు తీరే రోజున బాకీదారు సరిగ్గా 1,000 చెల్లిస్తాడు, అంత మొత్తం గల బాకీ అతనికి వేరే లేదు. ఆ డబ్బు ఆ నోటుకే జమ కట్టాలని చట్టం చెబుతుంది. మన షావుకారు పంపిన 69,600 దీనికి బాగా దగ్గరగా ఉంది. 70,800లోంచి 1,200 తీసేస్తే వచ్చే అంకె అది. నోటీసులోని 2 శాతం తెలిసిన ఏ గుమాస్తా అయినా అది 538కని పోల్చుకోగలడు, మొత్తాన్ని చూసే అలవాటు ఉంటే. సాఫ్ట్‌వేర్‌కు ఆ అలవాటు నేర్పితే తప్ప రాదు.

హోల్‌సేలర్ వైపు వాదనను తీసిపారేయలేం. పాత బిల్లుకు ముందు సర్దాలని వాళ్ళు అమర్చుకోవడం వెనుక కారణముంది. బిల్లు నంబరు చెప్పే స్వేచ్ఛ పూర్తిగా ఇస్తే, తెలివైన ఖాతాదారు ప్రతి కొత్త బిల్లునూ పదో రోజున కట్టి సీడీ తీసుకుంటూ, రెండు నెలల నాటి పాత బిల్లును అలాగే ఉంచేస్తాడు. డిస్కౌంటూ ఇచ్చి, అరువూ మోయాల్సి వస్తుంది. దీనికి విరుగుడు జమను మళ్ళించడంలో లేదు, సీడీ షరతులో ఉంది. డబ్బు ఖాతాదారు చెప్పిన బిల్లుకే జమ అవుతుంది, కాని ఆ రోజుకు గడువు దాటిన బిల్లు మరొకటి ఉంటే సీడీ రాదు అని రాస్తే సరిపోతుంది. ఇక్కడ "గడువు దాటిన" అన్నది ముఖ్యం. కొందరు "పాత బాకీ ఉంటే సీడీ లేదు" అని రాస్తారు. అలాగైతే జూన్ 28న 412 గడువులోనే ఉన్నా 538కి సీడీ రాదు. నెలకు రెండు మూడు బిల్లులు కొనే ఖాతాదారుకు ఎప్పుడూ ఏదో ఒక పాత బిల్లు నిలిచే ఉంటుంది కాబట్టి, ఆ నోటీసులోని సీడీ కాగితం మీదే ఉండిపోతుంది.

అందువల్ల నోటీసులో చేరాల్సిన వాక్యం ఇలా ఉండవచ్చు: "డబ్బు పంపేటప్పుడు బిల్లు నంబరు తెలిపితే ఆ బిల్లుకే జమ కడతాము. నంబరు లేకపోతే, మొత్తం ఏ బిల్లుకు సరిపోతుందో దానికి. అదీ తెలియకపోతే పాత బిల్లుకు." బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పంపినవాళ్ళు రాసిన ముక్క కొన్నిసార్లు సగమే కనిపిస్తుంది. కాబట్టి బిల్లు నంబరును ఆఫీసు వాట్సాప్‌కు కూడా పంపమనడం, సేల్స్‌మన్ రసీదు పుస్తకంలో బిల్లు నంబరుకు ఒక గడి పెట్టించడం అవసరం. ఆ గడి ఖాళీగా ఉన్న రసీదును ఆఫీసులో తీసుకోబోమని సేల్స్‌మన్‌కు చెబితే, అలవాటు త్వరగా మారుతుంది.

ఏ తేదీ లెక్క

పది రోజులంటే ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నది తర్వాతి ప్రశ్న. మొదలు దగ్గర చిక్కు తక్కువ. బిల్లు తేదీని వదిలేసి మర్నాటి నుంచి లెక్కపెడితే జూన్ 20 బిల్లుకు పదో రోజు జూన్ 30. అయితే గాజువాకకు సాయంత్రానికి చేరే సరుకు, పాడేరుకో పార్వతీపురానికో లారీ సర్వీసులో చేరేసరికి మూడు రోజులు పట్టవచ్చు. ఏజెన్సీ ఖాతాదారుకు పది రోజులు నిజానికి ఏడు రోజులే. సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది బిల్లు తేదీ ఒక్కటే కాబట్టి, దూరపు లైన్లకు సీడీ గడువునే 13 రోజులని పెట్టడం, సరుకు అందిన తేదీ గురించి వాదించుకోవడం కన్నా నయం.

చివరి తేదీ దగ్గరే గొడవ. షావుకారు పదో రోజు సాయంత్రం సేల్స్‌మన్ చేతికి చెక్కు ఇచ్చాడు. సేల్స్‌మన్ మర్నాడు ఆఫీసులో ఇచ్చాడు, గుమాస్తా ఆ రోజు తేదీతో ఎక్కించాడు. పదకొండో రోజు. ఖాతాదారు తన వైపు ఆలస్యం లేదంటాడు, అది నిజమే. సేల్స్‌మన్ రసీదు మీది తేదీయే లెక్క అని, చెక్కు అయితే తేదీ ఇచ్చిన రోజుదే అయి ఉండాలని, చెక్కు తిరిగొస్తే సీడీ కూడా వెనక్కి పోతుందని నోటీసు చెప్పాలి. రాబోయే తేదీలు వేసిన చెక్కులకు సీడీ వర్తించదని కూడా. సీడీ ఆశకు నోట్ల కట్టలు తెచ్చేవాళ్ళూ ఉంటారు. బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బుకూ అదే సీడీ అని, ఒక మనిషి నుంచి ఒకే రోజు 2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుందని గుర్తు చేయడం ఇద్దరికీ మేలు.

సీడీ, జీఎస్టీ

డబ్బు వచ్చాక ఇచ్చే సీడీ బిల్లులో కనిపించదు, తర్వాత క్రెడిట్ నోట్‌గా వస్తుంది. దీన్ని రెండు విధాలుగా చేయవచ్చు. మొదటిది, పన్ను జోలికి పోకుండా 1,200కి మామూలు వాణిజ్య క్రెడిట్ నోట్ ఇవ్వడం. హోల్‌సేలర్ కట్టిన జీఎస్టీ అలాగే ఉంటుంది, కొన్న దుకాణం తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొనుగోలు మీద పడ్డ పన్నును తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం, కూడా అలాగే ఉంటుంది. ఇలాంటి నోటుకు కొన్నవాళ్ళు ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి ఇవ్వనక్కర్లేదని 2025 సెప్టెంబరులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ స్పష్టం చేసింది. రెండోది, పన్నుతో కలిపి 1,416కి జీఎస్టీ క్రెడిట్ నోట్ ఇవ్వడం. అప్పుడు హోల్‌సేలర్ 216 పన్ను తగ్గించుకుంటాడు, కొన్నవాడు అంతే ఇన్‌పుట్ క్రెడిట్ వదులుకోవాలి.

మామూలు జీఎస్టీ ఖాతాదారుకు రెండిటికీ తేడా ఉండదు, 216 ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతుంది. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న దుకాణానికి మాత్రం తేడా ఉంటుంది. వాళ్ళకు ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు కాబట్టి, రెండో పద్ధతిలో 216 రూపాయలు నిజంగా మిగులుతాయి. సీడీ సరుకు విలువ మీదా, బిల్లు మొత్తం మీదా అని అలాంటివాళ్ళు అడుగుతారు, అడగాలి కూడా.

రెండో పద్ధతికి 2017 జీఎస్టీ చట్టం 15వ సెక్షన్ ఒక షరతు పెట్టింది. సరుకు అమ్మిన తర్వాత ఇచ్చే డిస్కౌంట్ అమ్మకానికి ముందో, ఆ సమయానికో కుదిరిన ఒప్పందంలో ఉండాలి, ఫలానా బిల్లుకు చెందినదని చూపించగలగాలి. ఈ షరతును తొలగించాలని 2025 సెప్టెంబరులో జరిగిన 56వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం సిఫారసు చేసింది. షరతు ఉన్నా పోయినా, బిల్లు తేదీ కన్నా ముందు తేదీ వేసిన నోటీసు, బిల్లు నంబరు రాసిన క్రెడిట్ నోట్ చేతిలో ఉంటే ఆడిట్‌లో మాట్లాడటం తేలిక. `On Account` కింద పడ్డ డబ్బు మీద సీడీ ఇస్తే, అది ఏ బిల్లుకు ఇచ్చారో చూపించడానికి ఏమీ ఉండదు.

నోటీసుకు ముందు, తర్వాత

జూన్ 1న అమలు మొదలయ్యేనాటికి ఖాతాల్లో పాత బాకీలు ఉంటాయి. వాటిని బిల్లువారీగా విడదీయకుండా ఒకే మొత్తంగా ప్రారంభ నిల్వగా ఎక్కిస్తే, ఆ మొత్తానికి ఏదో ఒక పాత తేదీ పడుతుంది, మొదటి రోజు నుంచే గడువు దాటినట్టు చూపిస్తుంది. ఇది బాగా జరిగే పొరపాటు. నోటీసు వెళ్ళడానికి నెల ముందు ప్రతి ఖాతాదారుకూ బిల్లుల జాబితాతో స్టేట్‌మెంట్ పంపి, తేడాలు తేల్చుకుని, `On Account` జమలన్నిటినీ ఏదో ఒక బిల్లుకు సర్దేయాలి. నోటీసు రాయడానికి గంట చాలు, ఈ పనికి నెల పడుతుంది. కాబట్టే చాలామంది దీన్ని వదిలేస్తారు.

ఇక మినహాయింపులు. చాలా సాఫ్ట్‌వేర్లలో యజమాని పాస్‌వర్డ్‌తో ఆగిన బిల్లును వదలవచ్చు. "ఈ ఒక్కసారికి" అని ఫోన్ వస్తుంది, యజమాని వదులుతాడు. వ్యాపారంలో ఇది తప్పదు. అయితే కొన్ని మినహాయింపులు ముందే తెలిసినవి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. భీమిలి, పూడిమడక లాంటి ఊళ్ళలో ఎలక్ట్రికల్ దుకాణానికి ఆ రెండు నెలలూ ఫ్యాన్ల సీజనే, కాని కొనేవాళ్ళ చేతిలో డబ్బాడదు. దుకాణదారు వాయిదాల మీద ఇస్తాడు, బోట్లు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాకే వసూలు చేస్తాడు. అతనికి ఏప్రిల్ 20 బిల్లును మే 20కి కట్టమంటే కట్టలేడని అందరికీ తెలుసు.

ఇలాంటి చోట పాస్‌వర్డ్ కొట్టి వదిలేయడం తేలికగా కనిపిస్తుంది, చిక్కు తర్వాత బయటపడుతుంది. పాస్‌వర్డ్ కొత్త బిల్లును ముందుకు పంపుతుంది తప్ప పాత బిల్లు గడువును మార్చదు. ఏప్రిల్ 20 బిల్లు మే 20 తర్వాత గడువు దాటినట్టే ఉంటుంది. మే చివర కొన్న సరుకుకు అతను అప్పో సొప్పో చేసి పది రోజుల్లో కట్టినా, గడువు దాటిన బిల్లు ఉంది కాబట్టి సీడీ రాదు. టాలీలో బిల్లు కొట్టేటప్పుడే ఆ ఒక్క బిల్లుకు గడువు రోజులు విడిగా ఇవ్వవచ్చు. తీరప్రాంత లైనుకు ఏప్రిల్, మే బిల్లులకు 75 రోజులని నోటీసులోనే రాసి, బిల్లులోనూ అలాగే పెడితే ఏప్రిల్ 20 బిల్లు గడువు జూలై 4 అవుతుంది. అప్పటిదాకా అది గడువులోని బిల్లే, మే చివరి బిల్లు సీడీకి అడ్డు రాదు, యజమాని ఫోనూ మోగదు.